పేరు చివర 88: జర్మనీలో మన పిల్లల గేమింగ్ ట్యాగ్ మార్చాల్సి వస్తే

మా అబ్బాయికి పదిహేడేళ్లు. పదేళ్లప్పుడు లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆడటానికి Pidugu88 అని పేరు పెట్టుకున్నాడు. 88 అంటే గుంటూరులో వాళ్ల తాతయ్య ఇంటి నంబరు. ఈ ఏడు ఒక జర్మన్ జట్టులోకి తీసుకుంటామన్నవాళ్లు మొదట అడిగింది, ఆ అంకెలు తీసేయగలవా అని.

కారణం తెలియని తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఇంగ్లిషు అక్షరాల్లో ఎనిమిదోది H. అందుకే ఇక్కడి నియో నాజీలు 88ని "హైల్ హిట్లర్"కి గుర్తుగా వాడతారు. 18 కూడా అంతే, A, H. మామూలుగా ఆ సంఖ్య రాయడం నేరమేమీ కాదు. కానీ చూసినవాడికి ముందు తట్టేది అదే. 2024 ఏప్రిల్‌లో జర్మనీ ఫుట్‌బాల్ జెర్సీ మీద 44 అంకె ఎస్‌ఎస్ గుర్తులా కనిపిస్తోందని గొడవ రేగితే, అడిడాస్ ఆ నంబరు వేసి అమ్మడం ఆపేసింది. జెర్సీకే అంత పట్టింపు ఉంటే, తెరమీద రోజంతా కనిపించే పేరు సంగతి చెప్పాలా?

మావాడి భయం వేరు. ట్విచ్‌లో రెండు వేలమందికి పైగా ఫాలోవర్లు, ఏడేళ్ల ఆట, ర్యాంకు, అంతా ఆ పేరు మీదే ఉంది. "పేరు మారిస్తే నేనెవరో ఎవరికి తెలుస్తుందమ్మా?" అన్నాడు.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఒకటే. మనం చూసే పేరు పైపొర. లోపల ప్రతి ఖాతాకి మారని గుర్తింపు ఉంటుంది. ర్యాంకు, స్నేహితుల జాబితా, ఫాలోవర్లు దానికి అతుక్కుని ఉంటాయి కాబట్టి పేరు మారినా పోవు. పోయేవి పాత పేరున్న లింకులు, పాత పేరుతో వెతికేవాళ్లు. పోగొట్టుకునే చోటు అదే.

2023 నవంబరు నుంచి లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో రయట్ ఐడీ పద్ధతి వచ్చింది. పేరు, తర్వాత #, ఆ తర్వాత మూడు నుంచి ఐదు అక్షరాల తోక. తోక వేరైతే చాలు, ముందు పేరు వేరేవాళ్లకి ఉన్నా మనమూ పెట్టుకోవచ్చు. అందుకే మావాడు Pidugu#TLG అయ్యాడు. ట్విచ్‌లో ఆ తోక సౌకర్యం లేదు, పేరు ఒక్కరికే దక్కుతుంది. అందువల్ల ట్విచ్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఒకేలా దొరికే పేరు ముందే వెతికి, అది దొరికాకే ఆటలో మార్చాలి. మాకు TLGతో కలిపినదే అన్నిచోట్లా ఖాళీగా దొరికింది. మూలపదం "పిడుగు" అలాగే ఉంచడం వల్ల వ్యాఖ్యాతలు, తోటి ఆటగాళ్లు పిలిచే పిలుపు మారలేదు.

అసలు చిక్కు ఖాళీ అయిన పాత పేరుతో. ట్విచ్ పాత పేరుని కనీసం ఆరు నెలలు ఎవరికీ ఇవ్వదు, కానీ పాత లింకు కొత్త పేజీకి తీసుకెళ్లదు. యూట్యూబ్ పాత హ్యాండిల్‌ని 14 రోజులే పట్టి ఉంచుతుంది. ఆ తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు, మావాడిలా నటించొచ్చు. కాబట్టి పాత లింకు ఎక్కడెక్కడ ఉందో ముందే జాబితా రాసుకున్నాం: వీడియోల కింది వివరాలు, డిస్కార్డ్, టోర్నీ ప్రొఫైళ్లు. మొదటి వారంలోనే అన్నీ మార్చేశాం. టోర్నీ మధ్యలో మాత్రం మార్చకూడదు, నమోదు చేసిన పేరుకీ తెరమీది పేరుకీ పొంతన కుదరక నిర్వాహకులతో తంటా.

పేరుప్రతిష్ఠ సంగతికి మంచి ఉదాహరణ మన పక్కదేశం డెన్మార్క్ ఆటగాడు నికోలాయ్ జెన్సెన్. Incarnati0n అన్న పేరుతో 2013లో నిషేధానికి గురయ్యాడు. 2015లో క్లౌడ్9లో చేరి, 2016 సీజన్ నుంచి ఇంటిపేరు Jensenతో ఆడాడు. పాత పేరుని దాచలేదు. అభిమానుల వికీల్లో రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. గెలుపులు, పాత మచ్చ రెండూ మనిషి వెంటే వచ్చాయి. పేరు మారితే చరిత్ర చెరగదు, చెరిగిపోయిందని నటిస్తేనే అనుమానం వస్తుంది.

అందుకే మావాడు మార్చడానికి రెండు వారాల ముందు స్ట్రీమ్‌లో కారణం సూటిగా చెప్పాడు: "88 మా తాతయ్య ఇంటి నంబరు. ఇక్కడ దానికి ఇంకో అర్థం ఉంది. అది నాకొద్దు." తర్వాత నెలరోజులు ప్రొఫైల్‌లో "ఇంతకుముందు Pidugu88" అని ఉంచి, తీసేశాడు. బొమ్మ, రంగులు మాత్రం పాతవే, కళ్లు ముందు గుర్తుపట్టేది వాటినే కదా.

పని కుదిరిందో లేదో ఫాలోవర్ల లెక్క చెప్పదు, అది ఎలాగూ తగ్గదు. స్ట్రీమ్ మొదలైన పది నిమిషాల్లో ఎంతమంది వస్తున్నారో చూడాలి. మాకు మొదటి వారం సగానికి పడింది, మూడో వారానికి దాదాపు పాత స్థాయికి వచ్చింది.

తాతయ్యకి విషయం చెబితే నవ్వి, "ఇంటి నంబరుకేముందిరా, ఇల్లు అక్కడే ఉందిగా" అన్నారు.