హిమోగ్లోబిన్ 12 ఉన్నా ఇనుము ఉన్నట్టు కాదు

నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందని ఆస్పత్రికి వెళ్లిన మహిళకు ముందుగా రాసే పరీక్ష సీబీపీ. అందులో హిమోగ్లోబిన్ 12 గ్రాములు దాటితే ‘రక్తం బాగానే ఉందమ్మా’ అంటారు. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే నీరసం అని ఆమె చెప్పే మాట అక్కడితో పక్కకు పోతుంది. ఫెర్రిటిన్ పరీక్ష రాయకపోవడమే అసలు లోపం.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. ఆమె హిమోగ్లోబిన్ 12.3. నెలకు 100 మిల్లీలీటర్ల రక్తం పోతోంది. గ్రాము హిమోగ్లోబిన్‌లో సుమారు 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది కాబట్టి, నెలసరిలోనే దాదాపు 42 మిల్లీగ్రాములు పోతుంది. చర్మం, పేగుల ద్వారా రోజూ మరో మిల్లీగ్రాము దాకా పోతుంది. తిండి నుంచి రోజుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు ఒంటబట్టినా నెలకు పాతిక పైనే లోటు. 300 మిల్లీగ్రాముల నిల్వ ఉన్న మనిషికి అది ఏడాదిలో ఊడ్చుకుపోతుంది. గాదె అడుగంటుతున్నా కంచంలో అన్నం తగ్గనట్టు, ఆ ఏడాదంతా హిమోగ్లోబిన్ పెద్దగా కదలదు. నిల్వ ఎంతుందో చెప్పేది ఫెర్రిటిన్. హిమోగ్లోబిన్ పడిపోయేది ఆ తర్వాతే.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018 మార్గదర్శకాలు ఇలాంటి మహిళలందరికీ రక్తకణాల పరీక్ష చేయమంటూనే, ఫెర్రిటిన్ మామూలుగా అక్కర్లేదన్నాయి. దీనితో నేను ఏకీభవించలేను. ఫెర్రిటిన్ 50 లోపు ఉండి, రక్తహీనత లేకుండా అలసటతో బాధపడే మహిళలకు 12 వారాలు ఇనుము ఇస్తే, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారికంటే అలసట బాగా తగ్గిందని 2012లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అంటే రక్తహీనత రాకముందే బాధ మొదలవుతుంది, దానికి మందూ ఉంది.

రిపోర్టు చదవడంలోనూ చిక్కుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం ఆరోగ్యవంతుల్లో ఫెర్రిటిన్ 15 లోపు ఉంటే ఇనుము లోపం. 30 లోపు ఉన్నా లోపంగానే చూసే వైద్యులు చాలామంది. కొన్ని ల్యాబులు మాత్రం 10 నుంచే ‘నార్మల్’ అని అచ్చువేస్తాయి. 14 వచ్చినా ఎర్ర గుర్తు పడదు.

ఫెర్రిటిన్‌కూ పరిమితి ఉంది. జ్వరం, ఇన్ఫెక్షన్, కాలేయ జబ్బు ఉంటే అది పెరిగి లోపాన్ని దాచేస్తుంది. అందుకే ఒంట్లో బాగున్నప్పుడు చేయించాలి. అనుమానముంటే సీఆర్‌పీ, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూడాలి. తక్కువ వస్తే మాత్రం సందేహం అక్కర్లేదు, నిల్వ లేనట్టే.

మాత్రలు మొదలుపెట్టాక కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. హిమోగ్లోబిన్ పెరగగానే ఆపేస్తారు. నిల్వ నిండటానికి ఆపైన ఇంకొన్ని నెలలు పడుతుంది. ఈలోగా ఫైబ్రాయిడ్లో, మరొకటో రక్తస్రావానికి కారణమేదో తేల్చి వైద్యం చేయకపోతే, మింగిన ఇనుము నెలనెలా అలాగే బయటికి పోతుంది.