తప్పుల్లేకుండా రాస్తే దొంగతనమేనా?

మొన్న ఒక రాత్రి తొమ్మిది దాటాక ఉద్దానం నుంచి ఒక తల్లి మాకు ఫోను చేసింది. ఆమె కొడుకు మా దగ్గర చదువుకున్న కుర్రాడు. జీడిపిక్కల పనికి పోయే ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాడు. బ్యాంకు లోను, దాని మీద చేబదుళ్లు తెచ్చుకుని పైచదువుకి విదేశం వెళ్లాడు. "మాస్టారూ, మా గుంటడు దొంగరాత రాసేడంట. మిషను సెప్పిందంట. పంపించెత్తారేటండీ?" అని ఆమె ఏడుపు.

తర్వాత కుర్రాడితో మాట్లాడాం. ప్రజారోగ్యం క్లాసులో ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఇంగ్లీషులో వ్యాసం రాశాడు. దాన్ని వాళ్లు ఒక కనిపెట్టే పరికరంలో వేశారు. రాసింది మనిషా, చాట్‌జీపీటీ లాంటి యంత్రమా అని చెబుతుందట అది. "78 శాతం యంత్రం రాసింది" అని తేల్చింది. వివరణ ఇవ్వమని కుర్రాడికి నోటీసు వచ్చింది.

ఆ వ్యాసం మేము తెప్పించుకుని చదివాం. చదువుతుంటే మాకు సిగ్గూ వేసింది, కోపమూ వచ్చింది. ఎందుకంటే అది మేము నేర్పిన ఇంగ్లీషే. "క్లీన్ డ్రింకింగ్ వాటర్ ప్లేస్ ఎ వైటల్ రోల్ ఇన్ ది హెల్త్ ఆఫ్ ది పీపుల్." ఈ వాక్యం మా నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. పరికరం ఎర్ర గుర్తు పెట్టింది ఇలాంటి వాక్యాలకే. వాళ్ల మావయ్య డయాలసిస్ కోసం తెల్లారకుండా లేచి పలాస వెళ్లే సంగతి రాసిన నాలుగు వాక్యాలు మాత్రం వదిలేసింది.

ఎందుకిలా? ఆ పరికరం లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఇందులో వింతేమీ లేదని తెలుస్తుంది.

ఒక ఆట ఆడదాం. "పొద్దున్నే లేచి మొహం..." అని ఆపేస్తే తర్వాతి మాట ఏమిటి? చిన్నపిల్ల కూడా "కడుక్కున్నాడు" అంటుంది. అదే "పొద్దున్నే లేచి మొహం చాటేశాడు" అని రాస్తే చదివేవాడు ఒక క్షణం ఆగుతాడు. మొదటిది ఊహకు అందింది, రెండోది అందలేదు. రాసే యంత్రం చేసే పని కూడా ఇదే. కోట్లాది పేజీలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశముందో లెక్కగట్టి, ఒక్కో మాట పేర్చుకుంటూ పోతుంది. కనిపెట్టే పరికరం ఈ లెక్కనే తిరగేస్తుంది. మన రాతలో ఒక్కో మాటా ఎంత సులువుగా ఊహకు అందుతుందో చూస్తుంది. ఈ కొలతకు ఇంగ్లీషులో పర్‌ప్లెక్సిటీ అని పేరు. మనం తికమక అనుకుందాం. తికమక తక్కువైతే యంత్రం రాసింది, ఎక్కువైతే మనిషి రాశాడు. తొలి పరికరాలు చాలా వరకు నమ్ముకున్న సూత్రం ఇదే. వాక్యాలన్నీ ఒకే పొడవులో, ఒకే కట్టులో ఉంటే అది కూడా అనుమానం కింద కొన్ని పరికరాలు జమ కడతాయి.

ఈ సూత్రం ఎంత గుడ్డిదో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగాన్ని 2023లో కొందరు ఈ పరికరాల్లో వేస్తే, యంత్రం రాసిందని వచ్చింది. ఆ రాజ్యాంగాన్ని యంత్రం ఎన్నోసార్లు చదివి ఉంది. అందులోని ప్రతి మాటా దానికి ముందే తెలుసు. తికమక లేదు కాబట్టి మనిషి లేడని తేల్చేసింది.

ఇప్పుడు మన పిల్లల దగ్గరికొద్దాం. "ప్లేస్ ఎ వైటల్" తర్వాత "రోల్" తప్ప ఇంకేం వస్తుంది? వాళ్లకు ఇంగ్లీషు అమ్మ ఒడిలో రాలేదు, వీధిలో వినపడలేదు. గైడు పుస్తకం నుంచి, నోట్సు నుంచి, మా నోటి నుంచి వచ్చింది. తెలిసిన మాటలు కొన్నే. వాటిలో తప్పు పడదని నమ్మకమున్న మాటలు ఇంకా తక్కువ. ఎర్రసిరాకు భయపడి పెరిగినవాడు కొత్త మాట జోలికి పోడు. పేరా మొదట్లో "మోరోవర్" పెడతాడు, చివర్లో "ఇన్ కన్‌క్లూజన్" పెడతాడు. కర్త, క్రియ, కర్మ వరసగా పేర్చి చుక్క పెడతాడు. ఎంత జాగ్రత్తపడితే రాత అంత ఊహకు అందుతుంది. ఎంత ఊహకు అందితే అంత దొంగ. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాడు యాస కలుపుతాడు, వాక్యం సగంలో విరుస్తాడు, మాటతో ఆడుకుంటాడు. అతని తప్పు కూడా మనిషితనంగా లెక్కకొస్తుంది. మనవాడి ఒప్పు నేరంగా లెక్కకొస్తుంది.

ఇది మా కడుపుమంట మాత్రమే అనుకోవద్దు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో దీన్ని పరీక్షించి చూశారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసే టోఫెల్ పరీక్ష వ్యాసాలు 91 తీసుకున్నారు. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసినవి 88 తీసుకున్నారు. అన్నీ మనుషులు రాసినవే. వీటిని ఏడు పరికరాల్లో వేశారు. అమెరికా పిల్లల రాతలో పరికరాలు తప్పుగా అనుమానించింది సగటున 5 శాతమే. టోఫెల్ వ్యాసాల్లో 61 శాతం. ఆ 91లో 89 వ్యాసాలను ఏదో ఒక పరికరం యంత్రం రాతే అంది. 18 వ్యాసాలనైతే ఏడు పరికరాలూ ఒక్క గొంతుతో అన్నాయి.

అక్కడితో ఆగలేదు వాళ్లు. టోఫెల్ వ్యాసాలను చాట్‌జీపీటీకే ఇచ్చి, మాటలు ఇంగ్లీషు దొరల మాటల్లా మార్చమన్నారు. అప్పుడు అనుమానం 12 శాతానికి పడిపోయింది. అమెరికా పిల్లల వ్యాసాల్లో మాటలను సులువు మాటలుగా మార్పించారు. అప్పుడు సగానికి పైగా యంత్రం రాతలైపోయాయి. అర్థమైందా? సొంతంగా రాసినవాడు దొంగ అయ్యాడు. యంత్రంతో మెరుగు పెట్టించుకున్నవాడు దొర అయ్యాడు. ఈ పరికరం కొలిచేది నిజాయితీని కాదు, మాటల సంపదను. ఆ సంపద ఎవరి ఇళ్లలో తరతరాలుగా పోగుపడిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"తప్పు కొద్దిగా ఉంటే ఉంటుందిలే" అనేవాళ్ల కోసం ఒక ఎక్కాల లెక్క. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ ఏఐ కంపెనీయే 2023 జనవరిలో ఇలాంటి పరికరం విడుదల చేసింది. వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం యంత్రం రాతలు నూటికి 26 పట్టుకుంటుంది, మనుషుల రాతల్లో నూటికి 9 తప్పుగా అనుమానిస్తుంది. వందమంది ఉన్న క్లాసు తీసుకోండి. పదిమంది యంత్రంతో రాయించారు, తొంభైమంది సొంతంగా రాశారు అనుకుందాం. ఆ పదిమందిలో దొరికేది ఇద్దరో ముగ్గురో. తొంభైమందిలో ఇరుక్కునేది ఎనిమిదిమంది. బోనులో నిలబడ్డ పదకొండు మందిలో ఎనిమిదిమంది నిర్దోషులు! ఆ ఏడాది జూలైలోనే, సరిగ్గా పనిచేయడం లేదని కంపెనీ దాన్ని మూసేసింది.

అవతలి వాదన కూడా చెప్పాలి. స్టాన్‌ఫర్డ్ వాళ్లు చూసినవి 91 వ్యాసాలే, అవీ పొట్టివి. ఆ తర్వాత పరికరాలు మారాయి. ఒక్క తికమక లెక్క మీదే కాకుండా, మనుషుల రాతలు, యంత్రాల రాతలు కుప్పలుగా చూపించి తేడా నేర్పిన పరికరాలు వచ్చాయి. టర్నిటిన్ కంపెనీ, తన తప్పు ఒక శాతం లోపేనని, 300 మాటలు దాటిన వ్యాసాల్లో ఇంగ్లీషు పరాయి భాష అయినవాళ్ల పట్ల చెప్పుకోదగ్గ తేడా లేదని అంటోంది. ఆ ఒక్క శాతమే నిజమనుకుందాం. అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2022లో టర్నిటిన్‌కి 75,000 పేపర్లు పంపింది. అందులో ఒక శాతమంటే 750 పేపర్లు. ఈ లెక్క వేసుకునే 2023 ఆగస్టులో ఆ విశ్వవిద్యాలయం పరికరాన్ని ఆపేసింది. అంకె ఒక్కదాన్నే పట్టుకుని విద్యార్థి మీద చర్య తీసుకోవద్దని టర్నిటిన్ కంపెనీయే రాసి పెట్టింది. ఆ హెచ్చరిక ఎంతమంది పంతుళ్లు చదువుతున్నారు?

అసలు తగువు ఇక్కడే ఉంది. వెనకటికి కాపీ కొట్టాడంటే, ఏ పుస్తకం నుంచి కొట్టాడో పక్కన పెట్టి చూపించాలి. ఇక్కడ చూపించడానికి పుస్తకం లేదు. ఉన్నది ఒక అంకె. ఆ 78 అయినా, కొన్ని పరికరాల్లో నూటికి 78 పాళ్లు నమ్మకమని కాదు, వ్యాసంలో అంత భాగం మీద అనుమానం అని. పరికరానికి పరికరానికీ అర్థం మారుతుంది. సాక్షి లేడు, వస్తువు లేదు, నేను చేయలేదని నువ్వే నిరూపించుకో అంటున్నారు. ఊళ్లో ఏ వస్తువు పోయినా ముందు మన పేట వైపు చూసే చూపు మనకు కొత్త కాదు కదా!

మన పిల్లల్లో యంత్రంతో రాయించేవాళ్లు లేరని మేము అనడం లేదు. ఉన్నారు. వాళ్లని పట్టుకోవడానికి పంతులు దగ్గర పాత పద్ధతి ఉంది. ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగడం. ఆ వాక్యం ఎందుకు రాశావు, ఆ అంకె ఎక్కడిది అని అడిగితే రాసినవాడు చెబుతాడు, రాయనివాడు నీళ్లు నములుతాడు.

మా కుర్రాడు బయటపడింది అలాగే. తెలుగూ ఇంగ్లీషూ కలిపి చేత్తో రాసుకున్న నోట్సు అతని దగ్గరుంది. గూగుల్ డాక్స్‌లో టైపు చేశాడు కాబట్టి ఏ రోజు ఏ వాక్యం కొట్టాడో, ఏది చెరిపాడో ఆ పాత రూపాలన్నీ అందులో ఉండిపోయాయి. అవి పట్టుకుని వెళ్లాడు. అరగంట సేపు అడిగారు. కవిటి మండలంలో బోరునీళ్ల సంగతి, జబ్బుకి కారణం ఇంకా తేలలేదన్న సంగతి చెప్పాడు. కేసు మూసేశారు. క్షమాపణ మాత్రం రాలేదు.

బయట చదివే పిల్లలకు మేము చెప్పేది ఇది. చిత్తుప్రతి పారేయకండి. పాత రూపాలు దాచే చోటే టైపు చేయండి. నోటీసు వస్తే భయపడి ఒప్పుకోకండి, నోటితో పరీక్ష పెట్టమని రాతపూర్వకంగా అడగండి. "మనిషి రాతలా మారుస్తాం" అని డబ్బు గుంజే దుకాణాలకు పోకండి. మీ సొంత రాతను యంత్రం రాత చేసుకోవడమే అది.

కుర్రాడు తర్వాత ఫోనులో ఒక మాట అన్నాడు. "మాస్టారూ, ఈసారి రెండు తప్పులు కావాలనే రాయమంటారా?" వద్దన్నాం. గట్టిగానే వద్దన్నాం. తప్పుల్లేకుండా రాయడానికి వాళ్ల అమ్మ ఎన్ని జీడిపిక్కలు కొట్టిందో మాకు తెలుసు.