మార్కులు, పర్సంటైల్, ర్యాంకు: ఏ అంకెను ఏం అడగాలి?

జేఈఈ మెయిన్ ఫలితాలు వచ్చిన రోజు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "మీవాడికి ఎంత?" ఒకరు 165 అంటారు, ఇంకొకరు 98 అంటారు, మరొకరు 8,500 అంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మొదటిది మార్కులు, రెండోది పర్సంటైల్, మూడోది కేటగిరీ ర్యాంకు. ఈ మూడింటినీ ఒకే తక్కెడలో వేసి తూచినప్పుడే చిక్కు మొదలవుతుంది. పక్కింటి అబ్బాయి కంటే 15 మార్కులు తగ్గాయన్న ఒక్క కారణంతో పిల్లల్ని లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపే ఇళ్లున్నాయి. ఏడాది కాలాన్ని పణంగా పెట్టే ముందు ఏ అంకె ఏం చెబుతుందో తెలుసుకోవాలన్నదే నా మాట.

మొదట మార్కుల సంగతి. పేపర్‌లో 75 ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు. సరైన జవాబుకు 4 కలుస్తాయి, తప్పు జవాబుకు 1 పోతుంది. ఈ మార్కులు స్కోర్‌కార్డు మీద ఉండవు. పిల్లవాడి రెస్పాన్స్ షీట్‌నూ కీనీ పక్కపక్కన పెట్టుకుని మనమే లెక్క వేసుకోవాలి. ముందు వచ్చేది ప్రొవిజనల్ కీ. దాని మీద అభ్యంతరాలు తీసుకున్నాక ఫైనల్ కీ వస్తుంది. అందులో ఏదైనా ప్రశ్నను రద్దు చేస్తే, ఆ షిఫ్టులో రాసిన అందరికీ, ఆ ప్రశ్న జోలికి పోనివారికి కూడా, 4 మార్కులు వస్తాయి. అందుకే ఇంట్లో ముందు వేసుకున్న లెక్కకూ చివరి లెక్కకూ తేడా కనిపిస్తే కంగారు పడకండి. ఫైనల్ కీతో మళ్లీ లెక్క వేయండి.

ఇక పర్సంటైల్. పరీక్ష చాలా షిఫ్టుల్లో జరుగుతుంది, ఒక్కో షిఫ్టుకు ఒక్కో పేపర్ ఉంటుంది. ఒక పేపర్ కష్టంగా, ఇంకొకటి తేలికగా రావచ్చు. అందుకని ఎన్‌టీఏ మార్కుల్ని నేరుగా పోల్చదు. మీ అమ్మాయి రాసిన షిఫ్టులో ఆమెతో సమానంగా గానీ, ఆమె కంటే తక్కువగా గానీ మార్కులు వచ్చినవారు నూటికి ఎంతమందో చూస్తుంది. కార్డు మీద ఎన్‌టీఏ స్కోర్ అని ఉండేది ఆ అంకే. ఈ పరీక్షలో నార్మలైజ్ చేసిన స్కోరన్నా పర్సంటైలన్నా ఒకటే. మన ఎప్‌సెట్‌లోనూ నార్మలైజేషన్ ఉంది గానీ, అక్కడ వచ్చేవి సర్దుబాటు చేసిన మార్కులు. కాబట్టి ఆ రెండు పరీక్షల అంకెల్ని కలపకూడదు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఉదయం షిఫ్టులో 90,000 మంది రాశారు, పేపర్ కష్టం. అందులో ఒక అమ్మాయికి 150 మార్కులు వచ్చాయి. ఆమెతో సమానంగా లేదా తక్కువగా ఉన్నవారు, ఆమెను కూడా కలిపి, 88,200 మంది. అంటే పర్సంటైల్ 98. సాయంత్రం షిఫ్టులోనూ 90,000 మందే, పేపర్ తేలిక. అక్కడ ఒక అబ్బాయికి 165 వచ్చాయి. కానీ అతనితో సమానంగా లేదా తక్కువగా ఉన్నవారు 87,750 మందే. అతని పర్సంటైల్ 97.5. మార్కుల్లో 15 ఎక్కువ తెచ్చుకున్న అబ్బాయి వరుసలో అమ్మాయి కంటే వెనక ఉన్నాడు. పక్కింటి పోలిక ఎందుకు చెల్లదో ఇక్కడ తెలుస్తుంది. ఏ షిఫ్టు అయినా అందులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారికి 100 పర్సంటైల్ వస్తుంది. దానర్థం 300కు 300 వచ్చాయని కాదు.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. ప్రతి షిఫ్టులోనూ బాగా చదివేవారు, మామూలుగా చదివేవారు దాదాపు ఒకే పాళ్లలో ఉంటారన్న నమ్మకం మీద ఈ లెక్క నిలబడింది. వేలమందిని ఏ వరుసా లేకుండా షిఫ్టుల్లోకి పంచినప్పుడు అది చాలావరకు నిజమే, కానీ వెంట్రుకవాసి కొలత మాత్రం కాదు.

సబ్జెక్టుల పర్సంటైల్స్ దగ్గర కూడా చాలామంది పొరబడతారు. ఫిజిక్స్ 99, కెమిస్ట్రీ 90, మ్యాథ్స్ 97 ఉంటే వాటి సగటు 95.33. కానీ కార్డు మీద టోటల్ వేరేగా కనిపిస్తుంది. అది తప్పు కాదు. సబ్జెక్టుకొక వరుస చొప్పున మూడు వరుసలు, మొత్తం మార్కులకు నాలుగో వరుస. టోటల్ పర్సంటైల్ ఆ నాలుగో వరుసలో పిల్లవాడి స్థానాన్ని చెబుతుంది. సగటు తీస్తే రాదు.

పర్సంటైల్ నుంచి ర్యాంకు అంచనా వేయడం తేలికే. ఈ మధ్య ఏడాదికి 14 లక్షలకు పైగా విద్యార్థులు ఈ పరీక్ష రాస్తున్నారు. 14 లక్షలే అనుకుందాం. 98 పర్సంటైల్ అంటే ముందు నూటికి ఇద్దరు, అంటే దాదాపు 28,000 మంది. 97.5 అయితే 35,000. అర పర్సంటైల్ తేడాకు 7,000 మంది. స్కోర్‌ను ఏడు దశాంశ స్థానాల వరకు ఇచ్చేది ఇందుకే. 2024లో అడ్వాన్స్‌డ్‌కు జనరల్ కటాఫ్ 93.2362181. "93 వచ్చింది, గట్టెక్కాం" అనుకున్నవారు ఆ ఏడాది ఆగిపోయారు.

అసలు ర్యాంకులు జనవరి కార్డులో రావు. ఏప్రిల్ సెషన్ కూడా అయ్యాక, రెండుసార్లు రాసినవారికి మెరుగైన టోటల్ స్కోర్‌ను తీసుకుని ఇస్తారు. సీఆర్‌ఎల్ అంటే అందరూ కలిసి నిలబడ్డ వరుస. కేటగిరీ ర్యాంకు అంటే ఆ కేటగిరీవారు మాత్రమే ఉన్న వరుస. ఒకే అమ్మాయికి సీఆర్‌ఎల్ 28,000, ఓబీసీ ర్యాంకు 8,500 ఉండవచ్చు. ఆమె రెండు వరుసల్లోనూ ఉన్నట్టే. జోసా వెబ్‌సైట్‌లో గత ఏడాది క్లోజింగ్ ర్యాంకులు చూసేటప్పుడు ఓపెన్ వరుసలోని అంకెతో సీఆర్‌ఎల్‌నే పోల్చాలి, ఓబీసీ వరుసలోని అంకెతో ఓబీసీ ర్యాంకునే పోల్చాలి. 8,500ను ఓపెన్ వరుసతో పోల్చి సీటు ఖాయమనుకుంటే కౌన్సెలింగ్ రోజున నిరాశే మిగులుతుంది.

మన రెండు రాష్ట్రాలవారు గమనించాల్సినవి ఇంకో రెండున్నాయి. మన బీసీ జాబితా, కేంద్రం ఓబీసీ జాబితా ఒకటి కావు. కేంద్ర జాబితాలో మీ కులం ఉందా, కేంద్రం నమూనాలో తాజా నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఉందా అన్నది ముందే చూసుకోవాలి. కౌన్సెలింగ్‌లో అది చూపలేకపోతే కార్డు మీద ఉన్న ఓబీసీ ర్యాంకుతో పనిలేదు. రెండోది, ఎన్‌ఐటీల్లో హోమ్ స్టేట్ కోటా ఇంటర్ పాసైన రాష్ట్రాన్ని బట్టి వస్తుంది. సొంతూరు గుంటూరైనా ఇంటర్ హైదరాబాద్‌లో పాసైతే హోమ్ స్టేట్ తెలంగాణే. అప్పుడు చూడాల్సింది వరంగల్ ఎన్‌ఐటీ హోమ్ స్టేట్ ర్యాంకులు, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీవి కాదు.

కాబట్టి ఫలితం రాగానే కార్డును ఇలా చదవమని నా మనవి. సీటు సంగతి ర్యాంకును అడగండి. జనవరి నుంచి ఏప్రిల్‌కు పిల్లవాడు ముందుకెళ్లాడా, వెనక్కెళ్లాడా అన్నది పర్సంటైల్‌ను అడగండి. ఏ చాప్టర్‌లో తప్పులు పోయాయి, తెలియక వదిలేసినవెన్ని, తెలిసీ తప్పు పెట్టినవెన్ని అన్నది మార్కుల్ని, రెస్పాన్స్ షీట్‌ను అడగండి. మరో ఏడాది కోచింగ్ కావాలా వద్దా అన్న మాట ఈ మూడో జవాబు చూశాకే మొదలుపెట్టాలి. తెలిసిన లెక్కల్లోనే మార్కులు పోయినవాడి అవసరం వేరు, సగం సిలబస్ ముట్టుకోనివాడి అవసరం వేరు. ఇద్దరి కార్డు మీదా 97.5 అనే ఉండవచ్చు.