కెమెరా హాజరుపట్టీ కాదు

'అందరూ కెమెరా ఆన్ చేయండి.' ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగికి పొద్దున్నే వినిపించే మొదటి మాట ఇదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక బెంగళూరు ఆఫీసు పని హోసూరు, బళ్లారి ఇళ్లలోకి వచ్చింది. తర్వాత ఆఫీసులు తెరిచినా, వారంలో కొన్నాళ్లు ఆఫీసు, కొన్నాళ్లు ఇల్లు అనే పద్ధతి చాలాచోట్ల ఉండిపోయింది. ఆ పద్ధతికి తగ్గ కట్టుబాట్లు మాత్రం ఎవరూ రాసుకోలేదు. కొన్ని టీముల్లో కెమెరా తీస్తే పని ఎగ్గొడుతున్నట్టు లెక్క. ఇంకొన్ని టీముల్లో ఏడాది గడిచినా ఒకరి ముఖం ఒకరికి తెలీదు. మొదటి దాంట్లో మనిషి అలిసిపోతాడు, రెండో దాంట్లో ఒంటరి అవుతాడు. ఈ రెండింటి మధ్య దారి ఉంది. అయితే దాన్ని 'ఎవరిష్టం వారిది' అని వదిలేస్తే దొరకదు.

అలసట ఎక్కడిది?

పొలంలో దిగలేదు, మూటలు మోయలేదు, కూర్చుని మాట్లాడితే అలసటేంటి అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతుంటారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు జెరెమీ బేలెన్సన్ 2021లో దీనికి నాలుగు కారణాలు చెప్పారు. ఒకటి, తెర మీద ముఖాలు పెద్దగా, మరీ దగ్గరగా కనిపిస్తాయి. మాట్లాడేది ఒక్కరైనా అందరి చూపులూ మన మీదే ఉన్నట్టు ఉంటుంది. రెండు, మన ముఖం మనకే గంటల తరబడి కనిపిస్తుంది. ఆఫీసులో ఎవరైనా రోజంతా ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మూడు, కెమెరా చట్రంలోంచి తప్పుకోకుండా ఒకేచోట బిగుసుకుని కూర్చోవాలి. నాలుగు, ఎదురుగా ఉంటే అప్రయత్నంగా అర్థమయ్యే తలూపులు, చూపులు ఇక్కడ శ్రమపడి పంపాలి, శ్రమపడి అందుకోవాలి.

అదే ఏడాది వెలువడిన అధ్యయనం కోసం అమెరికాలోనే ఒక సంస్థలోని 103 మంది ఉద్యోగులతో క్రిస్టెన్ షాక్లీ బృందం 4 వారాల ప్రయోగం చేసింది. సగం మంది మొదటి 2 వారాలు కెమెరా పెట్టి, తర్వాతి 2 వారాలు తీసేసి పనిచేశారు. మిగతా సగం మంది దీనికి తిరగేసి చేశారు. మీటింగుల్లో గడిపిన గంటల కంటే కెమెరా పెట్టడానికే అలసటతో ముడి ఉందని తేలింది. మహిళల్లో, కొత్తగా చేరినవారిలో అది మరీ ఎక్కువ. అలిసినవాళ్లు మీటింగులో నోరు విప్పడమూ తగ్గింది. 'కెమెరా ఉంటేనే అందరూ పాల్గొంటారు' అనే మేనేజర్లు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

మహిళలకు భారం ఎందుకు ఎక్కువో మన ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు. రెండు గదుల ఇంట్లో వెనక నుంచి అత్తగారు నడుస్తారు, పిల్లాడు తొంగి చూస్తాడు, కుక్కరు కూత వేస్తుంది. చెవి మీటింగులో ఉంటే కన్ను తెరలోని తన బొమ్మ వెనక ఏం కనబడుతోందో అన్నదాని మీద ఉంటుంది.

కెమెరా అసలే వద్దా?

అలాగని కెమెరా పూర్తిగా తీసేయమంటే సరిహద్దు జిల్లాల వారికే మొదట నష్టం. హోసూరు తెలుగమ్మాయి, బళ్లారి తెలుగబ్బాయి కూర్చునే టీములో మాట్లాడేది ఇంగ్లిషు. మధ్యలో కన్నడం, తమిళం, హిందీ దొర్లుతాయి. సొంతం కాని భాష వినేటప్పుడు, అందులోనూ లైను గరగరలాడుతున్నప్పుడు, మాట్లాడేవాళ్ల పెదాల కదలిక కనిపిస్తే మాట తేలిగ్గా అందుతుంది. వినికిడి తక్కువున్న వారికైతే అదే ఆధారం. కొత్తగా చేరినవాడికి 'ఈయన సీరియస్‌గా అన్నాడా, ఆట పట్టించాడా' అన్నది ముఖం చూస్తేగానీ తెలీదు.

అందుకే అడగాల్సింది 'ఎవరు కెమెరా పెట్టాలి' అని కాదు, 'ఏ నిమిషాల్లో ముఖం పనికొస్తుంది' అని. పలకరింపుకు, పరిచయానికి, గొడవ తీర్చడానికి, కష్టమైన కబురు చెప్పడానికి ముఖం కావాలి. తెర మీద లెక్కల పట్టికో, ప్రోగ్రామో పెట్టి అందరూ దాన్నే చూస్తున్నప్పుడు పక్కన ఎనిమిది ముఖాలు అనవసరం. మాట్లాడేవారు కెమెరా పెట్టి, వినేవారు తీసేసినా భాష ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

ఒక టీము లెక్క

ఉదాహరణకు 8 మంది టీమునే ఊహించుకుందాం. లీడర్, మరో నలుగురు బెంగళూరులో, ఇద్దరు హోసూరులో, ఒకరు బళ్లారిలో. రోజూ పొద్దున అరగంట పలకరింపు మీటింగు, వారానికి 150 నిమిషాలు. సోమవారం పని పంపకం, బుధవారం క్లయింటుతో, గురువారం చిక్కుముడులు విప్పుకోవడం, శుక్రవారం అందరూ కలవడం, ఒక్కోటి గంట. లీడర్‌తో విడిగా అరగంట. మొత్తం 420 నిమిషాలు, అంటే 7 గంటలు. అన్నీ కెమెరాతోనే.

ఇప్పుడు ఒక్కో మీటింగునూ విడదీసి చూద్దాం. పొద్దున మీటింగులో చెప్పేది 'నిన్న ఏం చేశా, ఇవాళ ఏం చేస్తా, ఎక్కడ ఆగిపోయా' అన్న మూడు ముక్కలే. వారంలో 3 రోజులు దాన్ని 10 గంటల్లోపు గ్రూపులో రాసేస్తే చాలు. మిగతా 2 రోజులు 15 నిమిషాల చొప్పున కలిస్తే, మొదటి 5 నిమిషాలు కెమెరాతో బాగోగులు, తర్వాత కెమెరా తీసేసి పని మాటలు. సోమవారం పని పంపకం 50 నిమిషాలు, అందులో ముఖాలు మొదటి 10 నిమిషాలే. క్లయింటు మీటింగు 50 నిమిషాలూ కెమెరాతోనే, బయటివాళ్లతో నమ్మకం కుదరాలి కదా. గురువారం 50 నిమిషాలూ కెమెరా లేకుండానే, అక్కడ చూడాల్సింది పనిని. శుక్రవారం 25 నిమిషాలు పూర్తిగా కెమెరాతో, పని మాట ఎత్తకుండా. లీడర్‌తో విడిగా 25 నిమిషాలు కెమెరాతో.

కూడితే మీటింగులు 230 నిమిషాలు, కెమెరా 120 నిమిషాలు. ఏడు గంటలు రెండు గంటలయ్యాయి. అయినా ఏ ఒక్కరి ముఖమూ వారమంతా కనిపించకుండా పోలేదు.

అరగంటకు బదులు 25, గంటకు బదులు 50 అనడం వెనక లెక్కుంది. ఒక మీటింగు ముగిసీ ముగియగానే ఇంకోటి మొదలైతే లేచి నీళ్లు తాగే వీలుండదు. గూగుల్ క్యాలెండర్‌లో Speedy meetings అన్నది ఎంచుకుంటే ఈ కోత దానంతటదే పడుతుంది. జూమ్‌లో తన వీడియో మీద రైట్ క్లిక్ చేసి Hide Self View నొక్కితే తన ముఖం తనకు కనబడదు, ఎదుటివారికి మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. అద్దం బాధ పైసా ఖర్చు లేకుండా తీరుతుంది. కాకపోతే నొక్కే ముందు వెనక ఏముందో ఒకసారి చూసుకోవాలి.

'ఇష్టం' అనే చిక్కు

చాలా టీములు 'కెమెరా మీ ఇష్టం' అని చేతులు దులుపుకుంటాయి. లీడర్ మాత్రం ప్రతిసారీ కెమెరాతోనే కూర్చుంటాడు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల ఏం చేస్తుంది? ఆయన పెడితే తనూ పెడుతుంది. పేరుకు ఇష్టం, జరిగేది బలవంతం. అందుకే నియమం మనిషిని బట్టి కాకుండా మీటింగును బట్టి ఉండాలి. ఆహ్వానంలోనే 'మొదటి 10 నిమిషాలు కెమెరా, తర్వాత లేదు' అని రాయాలి. సమయం కాగానే మొదట లీడరే తీసేయాలి. కెమెరా పెట్టాల్సిన వేళ కుదరనివారు 'ఇవాళ వీలు కాదు' అంటే చాలు, కారణం అడగకూడదు. కరెంటు పోయిందో, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారో అందరి ముందూ చెప్పుకోవాల్సిన పని లేదు.

కెమెరా తీసిన నిమిషాల్లో తెగిపోయే బంధాన్ని గొంతుతో కలపాలి. 'ఎవరైనా ఏమైనా అంటారా' అని గాలిలోకి వదిలితే ఎవరూ పలకరు. పేరు పెట్టి పిలవాలి, అదీ దూరంగా ఉన్నవారిని, కొత్తవారిని ముందు పిలవాలి. అడిగాక అయిదు సెకన్లు ఆగాలి. ఇంగ్లిషులో మాట కూర్చుకునేవారికి ఆ అయిదు సెకన్లే అవకాశం. మాట్లాడేవారు ముందు తమ పేరు చెప్పాలి. తెర మీద రెండక్షరాలకు బదులు ఫొటో పెట్టుకోవాలి. కొత్తగా చేరినవారికి మొదటి నెల వారానికొకరితో 20 నిమిషాలు ఎదురెదురు వీడియో పరిచయం ఏర్పాటు చేయాలి. వారికి కెమెరా అలసట ఎక్కువ, అదే సమయంలో ముఖపరిచయం అవసరమూ ఎక్కువే. పెద్ద మీటింగుల్లో తగ్గించి చిన్నవాటిలో ఇవ్వడమే దీనికి మందు.

తేడా కొట్టిందని తెలిసేదెలా?

కట్టుబాటు పెట్టాక రెండు వారాలు లీడర్ ఓ కాగితం పక్కన పెట్టుకుని, ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో గీతలు గీయాలి. గీతలన్నీ ఇద్దరి పేర్ల ముందే పడుతుంటే కెమెరా తీయడం వికటించినట్టే. మీటింగులో 'సరే' అన్నవాళ్లు తర్వాత విడిగా మెసేజ్‌లలో 'అసలేం చెప్పారు' అని అడుగుతుంటే మాట అందలేదన్నమాట. అప్పుడు ఆ ఒక్క మీటింగుకే ముఖాలను వెనక్కి తేవాలి. సాయంత్రం 'ఇవాళ ఎంత అలిసిపోయారు, ఒకటి నుంచి అయిదు' అని పేరు లేకుండా రాయించుకుంటే మార్పుకు ముందు, తర్వాత పోల్చి చూడొచ్చు.

ఇదీ సర్వరోగ నివారిణి కాదు. పని భారమే ఎక్కువైతే, రాత్రి పదింటికి అమెరికా కాల్ ఉంటే, కెమెరా తీసినంత మాత్రాన నిద్ర రాదు. నెలకో రెండు నెలలకో టీమంతా ఒకచోట కూర్చుని భోంచేస్తే కలిగే చనువు ఏ తెరా ఇవ్వలేదు. హోసూరు నుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లే, బళ్లారి నుంచి రాత్రి రైలుంది. ఆ ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి.

మనిషి పనిచేస్తున్నాడో లేదో తెలియాలంటే పూర్తయిన పని చూడాలి, కళ్లు కాదు. కెమెరాను హాజరుపట్టీగా వాడేవాళ్లకు ఎదురుగా దొరికేది ముఖాలు మాత్రమే. అవి కూడా సాయంత్రానికి వాడిపోయి ఉంటాయి.