వతన్ సిమ్ ఎవరి జిమ్మేదారి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లలో సౌదీ పోయిన కొడుకు సిమ్ అమ్మీ అల్మారాలో పడి ఉంటుంది. "ఎవరూ ఫోన్ చేయరు, రీచార్జ్ దేనికి?" అనుకోవడమే మన గఫ్లత్. మా రిష్తేదార్ ఒకాయన వాట్సాప్ ఆ నంబర్ మీదే నడిచేది. రియాద్‌లో ఫోన్ పగిలింది. కొత్త ఫోన్‌లో నంబర్ కొడితే కోడ్ వతన్ సిమ్‌కే పోతుంది; ప్లాన్ అయిపోయి ఆ సిమ్‌కు మెసేజ్‌లు బంద్.

అయినా నంబర్ వెంటనే పోదు. ట్రాయ్ 2013 ఖాయిదా ప్రకారం 90 రోజులు ఏ వాడకమూ లేకపోతేనే ప్రీపెయిడ్ నంబర్ తీసేయాలి. బ్యాలెన్స్ 20 రూపాయలుంటే, అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. ఆలోపు ఇంటివాళ్లు రీచార్జ్ చేస్తే కోడ్ వస్తుంది. మావాడికి అలాగే వచ్చింది. గడువు దాటితే కొన్నాళ్లకు ఆ నంబర్ పరాయివాడికి దక్కొచ్చు; కోడ్ కూడా వాడికే.

నా రాయ్ ఒకటే: పాత ఫోన్ బాగున్నప్పుడే వాట్సాప్ సెట్టింగ్స్‌లో, అకౌంట్ కింద "చేంజ్ నంబర్" నొక్కి సౌదీ నంబర్‌కు మారాలి. కోడ్ కొత్త నంబర్‌కు వస్తుంది, గ్రూపులు అలాగే ఉంటాయి. బ్యాంకుకు ఇది సరిపోదు. అక్కడ నంబర్ విడిగా మార్పించేదాకా సిమ్ జిందాగా ఉండాల్సిందే.