గేదెకు క్షయ: పరీక్షకు మూడు రోజులు చాలు.. పాజిటివ్ వస్తే ఏం చేయాలన్నదే ప్రశ్న

గోదావరి డెల్టాలో పాడి గేదె చిక్కిపోతుంటే రైతు ముందుగా అనుమానించేది క్షయను కాదు, కార్జపు జలగను. అందులో తప్పు లేదు. కాలువ గట్లు, వరి చేలు, నీళ్లలో నత్తలు ఉన్న చోట జలగ వ్యాధి మామూలే. దవడ కింద నీరు దిగి, పాలు తగ్గి, ఎముకలు తేలితే పశువుల డాక్టరు పేడ పరీక్ష చేయించి, జలగ మందు తాగిస్తారు. చాలా గేదెలు దాంతోనే కోలుకుంటాయి.

కానీ కొన్ని కోలుకోవు. మేత తింటూనే ఉంటాయి, ఒళ్లు మాత్రం పట్టదు. తెల్లవారుజామున చలిగాలికో, నాలుగు అడుగులు వేగంగా నడిపించినప్పుడో పొడిగా దగ్గుతాయి. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేస్తే రెండు రోజులు తగ్గినట్టుండి మళ్లీ మొదలవుతుంది. వారాలు, నెలలు ఇదే తంతు. పశువుల్లో క్షయ, అంటే బొవైన్ టీబీ, గురించి ఆలోచించాల్సింది అప్పుడు. ఇది మైకోబ్యాక్టీరియం బోవిస్, దాని దగ్గరి బంధువైన మైకోబ్యాక్టీరియం ఒరిజిస్ అనే సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. మనుషుల్లో టీబీ తెచ్చేది కూడా ఇదే కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా.

దేశవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2018లో శాస్త్రవేత్తలు ఒక అంచనా వేశారు. దాని ప్రకారం మన దేశ పశువుల్లో సుమారు 7.3 శాతానికి ఈ ఇన్ఫెక్షన్ ఉంది. అంటే 2 కోట్లకు పైగా పశువులు. ఇది వేర్వేరు రాష్ట్రాల చిన్న చిన్న సర్వేల సగటు మాత్రమే. దీన్ని తెచ్చి గోదావరి జిల్లాలకు అతికించి, ఇక్కడి ప్రతి పద్నాలుగు గేదెల్లో ఒకదానికి క్షయ ఉందని చెప్పడం సరికాదు.

దగ్గు చూసి చెప్పలేమా?

చెప్పలేం. ఈ జబ్బులో అసలు చిక్కు అదే. ఇన్ఫెక్షన్ సోకిన పశువుల్లో ఎక్కువ భాగం నెలలు, ఏళ్ల తరబడి నిగనిగలాడుతూ, పూటపూటా పాలిస్తూనే ఉంటాయి. దగ్గు, చిక్కడం బయటపడేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. ఈలోగా అదే పాకలో, అదే తొట్టిలో కుడితి తాగే మిగతా పశువులకు అంటుతుంది. ముఖ్యంగా గాలి ఆడని, ఇరుకైన పాకల్లో ఊపిరి ద్వారా సోకుతుంది. పొలంలోని మకాంలో చెట్టు కింద కట్టిన నాలుగు గేదెల కంటే, రాజమహేంద్రవరం శివార్లలో రేకుల షెడ్డు కింద పక్కపక్కనే కట్టేసిన ఇరవై గేదెలకు ముప్పు ఎక్కువ. దూడలకు తల్లి పాల ద్వారా కూడా వస్తుంది.

అందుకే పరీక్ష కావాలి. ప్రపంచమంతా వాడే పరీక్ష వందేళ్లకు పైబడిన పాతదే. దాని పేరు ట్యూబర్‌క్యులిన్ చర్మ పరీక్ష.

పశువు మెడ మీద రెండు చోట్ల వెంట్రుకలు గొరిగి, అక్కడి చర్మం మడత ఎంత మందం ఉందో కాలిపర్‌తో కొలుస్తారు. ఒక చోట పశు క్షయ బ్యాక్టీరియా నుంచి తీసిన ప్రొటీన్, రెండో చోట పక్షి క్షయ బ్యాక్టీరియా నుంచి తీసిన ప్రొటీన్, ఒక్కొక్కటి 0.1 మిల్లీలీటరు చర్మంలోకి ఎక్కిస్తారు. సరిగ్గా 72 గంటల తర్వాత అదే మనిషి, అదే కాలిపర్‌తో మళ్లీ కొలవాలి. అంటే డాక్టరు రెండుసార్లు రావాలి, గేదె ఆ మూడు రోజులూ చేయి మారకుండా అక్కడే ఉండాలి.

ఒక ఉదాహరణతో చూద్దాం. మొదటి గేదెకు పశు ప్రొటీన్ వేసిన చోట 10 మిల్లీమీటర్లున్న మడత 17 అయింది, పక్షి ప్రొటీన్ వేసిన చోట 10 నుంచి 11 అయింది. పెరుగుదల ఒక చోట 7, రెండో చోట 1. తేడా 6. ఈ తేడా 4 మిల్లీమీటర్లు దాటితే పాజిటివ్. రెండో గేదెకు రెండు చోట్లా దాదాపు సమానంగా, 5, 5 చొప్పున వాచింది. ఒకే ప్రొటీన్‌తో పరీక్ష చేసి ఉంటే దీన్నీ పాజిటివ్ అనేవారు. కానీ మట్టిలో, నీళ్లలో ఉండే హానిలేని మైకోబ్యాక్టీరియాలకు అలవాటైన పశువు కూడా ఇలా స్పందిస్తుంది. అది క్షయ కాదు. డెల్టా లాంటి తడి నేలలో రెండు ప్రొటీన్ల పరీక్షే అడగాలనడానికి కారణం ఇదే. మూడో గేదెకు తేడా 3 వచ్చింది. ఇది ఎటూ తేలని ఫలితం. దాన్ని విడిగా కట్టేసి, కనీసం 42 రోజులు ఆగి మళ్లీ పరీక్షించాలి. అంతకంటే ముందు చేస్తే, మొదటి ఇంజెక్షన్ ప్రభావంతో చర్మం సరిగా స్పందించదు. సంతలో కొన్న గేదెకు 'నెగెటివ్ సర్టిఫికెట్' చూపిస్తే, అంతకు ముందు రెండు నెలల్లో ఇంకో పరీక్ష జరిగిందా అని అడగడం అందుకే మంచిది.

ఈ పరీక్ష మోసపోయే సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. ఇన్ఫెక్షన్ సోకిన మొదటి కొన్ని వారాల్లో, ఈనిన కొత్తల్లో నెగెటివ్ రావచ్చు. అన్నిటికంటే విచిత్రం, జబ్బు బాగా ముదిరిన పశువులోనూ నెగెటివ్ రావచ్చు. దాని రోగనిరోధక శక్తి చేతులెత్తేసి ఉంటుంది కాబట్టి చర్మం వాయదు. అంటే పాకలో అందరూ అనుమానించే ఆ బక్కచిక్కిన, దగ్గే గేదెకే నెగెటివ్ వచ్చి, పక్కనున్న పుష్టిగా ఉన్న గేదెకు పాజిటివ్ రావచ్చు. కాబట్టి ఒక్క పశువుకు కాదు, మందకంతటికీ పరీక్ష చేయాలి.

పాజిటివ్ వస్తే?

ఇక్కడే మన వ్యవస్థ ఆగిపోతుంది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నియంత్రణ కేంద్ర చట్టం షెడ్యూలులో బొవైన్ టీబీ ఉంది. అనుమానం వస్తే యజమాని తెలియజేయాలని చట్టం చెబుతుంది. కానీ తెలియజేసిన రైతుకు దక్కేదేమిటి? 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం గాలికుంటు, బ్రూసెల్లోసిస్‌ల కోసం వచ్చింది. క్షయకు అలాంటి ఇంటింటి పరీక్షా లేదు, పరిహారమూ లేదు.

పోల్చి చూడండి. 2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా కానూరులో, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు యంత్రాంగానికి ఏం చేయాలో తెలుసు. కిలోమీటరు పరిధి గీశారు, కోళ్లను పూడ్చారు, పరిహారం మాట వచ్చింది. గేదె క్షయకు అలాంటి వరుస ఏదీ లేదు. అమెరికా 1917లో ఈ జబ్బు మీద పోరు మొదలుపెట్టినప్పుడు పాజిటివ్ పశువును వధించి, రైతుకు డబ్బు చెల్లించింది. పరీక్ష ఫలించింది ఆ చెల్లింపు వల్లే.

మన దగ్గర ఆవును వధించడానికి 1977 నాటి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. పాలివ్వని, పనికిరాని గేదెకు మాత్రం అధికారి సర్టిఫికెట్‌తో అనుమతి ఉంది. డెల్టాలో పాడి ఎక్కువగా గేదెలదే కాబట్టి ఇక్కడ చట్టపరంగా కొంత వెసులుబాటు ఉంది. అడ్డం డబ్బే. లక్ష రూపాయలు పెట్టి కొన్న పాడి గేదె పాజిటివ్ అని తెలిస్తే, బ్యాంకు కిస్తీ కట్టాల్సిన రైతు ఏం చేస్తాడు? చాలాసార్లు మాట బయటకు పొక్కకుండా సంతకు తోలేస్తాడు. జబ్బు ఇంకో ఊరి పాకలోకి వెళుతుంది. రైతును తిట్టి లాభం లేదు, నిజం చెప్పినందుకు నష్టపోయేది అతనొక్కడే అయినప్పుడు.

మనుషుల టీబీ మాత్రలు కొని గేదెకు మింగించడం మాత్రం అస్సలు చేయకూడదు. నెలల తరబడి మందులు పడాలి, పాలలోకి మందు వస్తుంది, మధ్యలో ఆపితే మందులకు లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. పాజిటివ్ పశువును వేరుగా కట్టి, వేరే తొట్టి పెట్టి, చివర్లో పాలు పితికి, ఆ పాలు దూడకైనా మనిషికైనా కాచే ఇవ్వాలి. మిగతా మందకు రెండు నెలలకోసారి పరీక్ష చేయించాలి. పరీక్ష కోసం రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్థక సహాయకుడినో, మండల పశువైద్యుడినో అడగాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

మరి మనం తాగే పాలు?

ప్యాకెట్ పాలు డెయిరీలోనే పాశ్చరైజ్ అవుతాయి. 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు, లేదా 63 డిగ్రీల వద్ద అరగంట వేడి చేస్తే ఈ బ్యాక్టీరియా చస్తుంది. పాలబ్బాయి తెచ్చే చిక్కటి గేదె పాలను ఇంట్లో ఒక్కసారి పొంగు రానిచ్చి కాస్తే చాలు. తెలుగిళ్లలో కాచని పాలు వాడే అలవాటు తక్కువ. మనల్ని ఇన్నాళ్లూ చాలావరకు కాపాడింది ఏ ప్రభుత్వ పథకమూ కాదు, ఈ అలవాటే.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. పితికిన వెంటనే నురగతో తాగే గుమ్మపాలు 'బలం' అని పిల్లలకు పట్టడం ఒకటి. పచ్చి పాలతో చేసే పంచామృతం మరొకటి. ముందు కాచి చల్లార్చిన పాలు వాడితే ఆ ఇబ్బంది ఉండదు. మిషన్‌తో మీగడ తీసి, కాచకుండానే చిలికిన వెన్న ఇంకొకటి. అదే వెన్నను నెయ్యి కాస్తే భయం లేదు, ఆవిరి మీద గట్టిపడేదాకా ఉడికిన జున్నుకూ లేదు. 'సహజమైన ముడి పాలు' అని సీసాల్లో పోసి ఇంటికి పంపే వ్యాపారం ఇప్పుడు నగరాలకు వచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టినా, తోడు వేసినా ఈ సూక్ష్మజీవి చావదు. క్షయ ఉన్న ప్రతి గేదె పాలలోనూ బ్యాక్టీరియా రాదు, కొన్నింటిలోనే వస్తుంది. కానీ యాభై ఇళ్ల పాలు ఒకే క్యాన్‌లో కలిసినప్పుడు ఆ ఒక్క గేదె ఏదో ఎవరికీ తెలియదు.

పాల ద్వారా వచ్చే టీబీ తరచుగా ఊపిరితిత్తుల్లో కాక మెడ గ్రంథుల్లోనో, పేగుల్లోనో కనిపిస్తుంది. నొప్పి లేకుండా మెడలో గడ్డ కట్టి తగ్గకపోవడం, సాయంత్రం జ్వరం, ఆగని కడుపు నొప్పి, బరువు తగ్గడం. ఇవి ఉండి, ఇంట్లో పశువులున్నా, పచ్చి పాలు తాగే అలవాటున్నా డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పాలి. కారణం ఉంది. ఆసుపత్రుల్లో చేసే ట్రూనాట్, సీబీనాట్ పరీక్షలు టీబీ ఉందని చెబుతాయి కానీ అది మనిషి రకమో, పశు రకమో చెప్పవు. బోవిస్ రకానికి టీబీ నాలుగు మందుల్లో ఒకటైన పైరజినమైడ్ సహజంగానే పనిచేయదు. డాక్టరుకు ఆ అనుమానం ఉంటే కల్చర్‌కు పంపగలరు, చికిత్స కాలం పెంచగలరు. రోగి తనంతట తాను మాత్రలు మార్చడమో, ఆపడమో చేయకూడదు. సందేహాలకు 1800-11-6666 ఉచిత నంబరు ఉంది.

ఇది ఎంతమందికి వస్తోంది? వెల్లూరు సీఎంసీలో 940 మంది రోగుల నమూనాల జన్యువులను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఒరిజిస్ ఏడుగురిలో కనిపించింది. బోవిస్ కనిపించిన కొద్ది నమూనాల్లోనూ అది టీకాలో వాడే బీసీజీ రకమే. (బీసీజీ టీకా పుట్టింది పశువుల క్షయ బ్యాక్టీరియా నుంచే. మన దేశంలో 1948లో దాన్ని మొదలుపెట్టింది మదనపల్లెలో.) అంటే మనుషుల టీబీలో పశువుల వాటా చిన్నదే. కానీ ఇక్కడ బోవిస్ ఒక్కదాని కోసమే వెతికే పరీక్షలు అసలు దోషిని వదిలేస్తున్నాయేమో అన్న అనుమానాన్ని ఆ అధ్యయనం గట్టిగా లేపింది.

అంటడం ఒకవైపే కాదు. టీబీ ఉన్న మనిషి నుంచి పశువుకు సోకిన సందర్భాలూ నమోదయ్యాయి. పాకలో పాలు పితికే మనిషికి రెండు వారాలకు మించి దగ్గు ఉంటే, గేదె మెడ మీద సూది వేయించే ముందు ఆయన కఫం పరీక్ష చేయించాలి. అది ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.