ధర గుడ్డుకా, సొన రంగుకా?



గుడ్లు అమ్ముకునే మన సభ్యుల నుంచి ఈ మధ్య ఒకే ఫిర్యాదు వస్తోంది. కొనేవాడు బరువు చూడడం లేదు, ఎప్పుడు పెట్టిన గుడ్డో అడగడం లేదు. ఒక గుడ్డు పగలగొట్టి, "సొన పాలిపోయింది, ఈ ధర రాదు" అంటున్నాడు. మరోపక్క పట్నం దుకాణాల్లో నారింజ రంగు సొన బొమ్మ వేసిన ఆరు గుడ్ల డబ్బాను మామూలు గుడ్డు కంటే ఎంతో ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ముదురు రంగు ఉంటే బలమైన గుడ్డు, లేత రంగు ఉంటే పసలేని గుడ్డు అనే నమ్మకం మీద ఈ వ్యాపారం నడుస్తోంది. ఆ నమ్మకం తప్పు. ఎందుకు తప్పో మనకు తెలిస్తేనే బేరం దగ్గర నోరు విప్పగలం.

సొన రంగు కోడి ఒంట్లో తయారయ్యేది కాదు. పచ్చ మొక్కజొన్నలో, లేత గడ్డిలో, ఆకుకూరల్లో, బంతిపూల రేకల్లో ఒక పసుపు పదార్థం ఉంటుంది. కోడి దాన్ని తింటే అది కొవ్వుతో కలిసి సొనలోకి చేరుతుంది. తినకపోతే చేరదు. అంతకు మించి ఇందులో రహస్యం లేదు. కోడి జాతి నాటుదా, ఫారందా అన్నది గానీ, పెంకు తెలుపా, గోధుమ రంగా అన్నది గానీ సొన రంగును తేల్చవు.

ఒక షెడ్డు లెక్క చూద్దాం. లేయర్ కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. కిలో పచ్చ మొక్కజొన్నలో ఈ పసుపు పదార్థం ఇంచుమించు 20 మిల్లీగ్రాములు ఉంటుంది. దాణాలో సగం మొక్కజొన్న అయితే కోడికి రోజుకు ఒక మిల్లీగ్రాము పైచిలుకు అందుతుంది. దానితోనే మనం రోజూ చూసే పసుపు సొన వస్తుంది. ఇప్పుడు మొక్కజొన్న ధర పెరిగింది. ఇథనాల్ ఫ్యాక్టరీలు కూడా దానికోసం ఎగబడుతున్నాయి. రైతు విధిలేక మొక్కజొన్న తీసేసి నూకలు కలిపాడు. నూకల్లో ఆ పసుపు పదార్థం లేనట్టే. మొదటి రెండు మూడు రోజులు పెద్ద తేడా కనిపించదు. సొన పెద్దదయ్యేది గుడ్డు పెట్టడానికి ముందు ఎనిమిది పది రోజుల్లోనే, అదీ పొర మీద పొరగా. అందుకే రంగు రోజురోజుకూ తగ్గుతూ పది పన్నెండు రోజులకు సొన నిమ్మపండు రంగుకు వస్తుంది. మళ్లీ మొక్కజొన్న వేస్తే అన్ని రోజుల్లోనే పాత రంగు తిరిగొస్తుంది.

మరి ఈ నిమ్మపండు రంగు గుడ్డులో తగ్గిందేమిటి? సోయా చెక్క, ఖనిజాలు, విటమిన్లు సరిపడా కలిపితే మాంసకృత్తులు తగ్గవు, కొవ్వు తగ్గదు. సజ్జలు, జొన్నలు వేసినా సొన పాలిపోతుంది. కానీ సజ్జల్లో మాంసకృత్తులు మొక్కజొన్నలో కంటే తక్కువేమీ కాదు. పచ్చ సొనలోనే విటమిన్ ఎ ఉంటుందని చాలామంది అనుకుంటారు. గుడ్డులో ఉండే విటమిన్ ఎ సొనకు ఆ నారింజ రంగు ఇచ్చేది కాదు. దాణాలో ఆ విటమిన్ కలిపి ఉంటే లేత సొనలోనూ అది నిండుగానే ఉంటుంది.

ఎదుటివాడి మాటలో ఉన్న నిజాన్ని కూడా ఒప్పుకుందాం. ఆరుబయట తిరిగి ఆకు, పురుగు తిన్న కోడి గుడ్డులో కంటికి మేలు చేసే లుటీన్, ఇంకొన్ని పోషకాలు ఎక్కువ ఉండొచ్చు. వానాకాలంలో పెరటి కోడి గుడ్డు సొన ముదురుగా ఉండేది ఆ పచ్చిక వల్లే. అదే కోడి ఎండాకాలంలో గడ్డి మాడిపోయాక లేత సొన పెడుతుంది. అప్పుడది నాటు కోడి కాకుండా పోతుందా? మేలు చేసింది మేత. రంగు ఆ మేతకు ఒక గుర్తు మాత్రమే. ఆ గుర్తును సంచిలో కొనుక్కోవచ్చన్నదే అసలు సంగతి.

కంపెనీలు 1 నుంచి 15, 16 వరకు అంకెలు వేసిన రంగు పట్టీలను విసనకర్రలా కూర్చి ఇస్తాయి. ఏ అంకె రంగు కావాలో చెబితే దానికి తగ్గ పొడి అమ్ముతాయి. పసుపు కోసం బంతిపూల సారం, ఎరుపు కోసం మిరప సారం లేదా ఫ్యాక్టరీలో చేసిన కాంథాజాంథిన్. ఎండ ముఖం ఎరగని పంజరం కోడి చేత కూడా వీటితో నారింజ సొన పెట్టించవచ్చు. ఖర్చు చూడండి. వంద కోళ్లు రోజుకు 11 కిలోల దాణా తిని 88 గుడ్లు పెడితే, గుడ్డుకు 125 గ్రాముల దాణా పడుతుంది. అంటే టన్ను దాణాకు 8,000 గుడ్లు. టన్నుకు రంగు ఖర్చు 800 రూపాయలు అనుకున్నా గుడ్డుకు పది పైసలు. పది పైసల రంగు చూపించి రూపాయల్లో తేడా గుంజుతున్నారు. ఆ రూపాయలు రైతు దాకా రావడం లేదు.

మోతాదులో వాడే ఈ రంగులు విషం అని మేము అనడం లేదు. కానీ వాటికీ హద్దు ఉంది. కాంథాజాంథిన్ ఎక్కువైతే కంటి లోపలి పొరలో పేరుకుంటుందని గుర్తించి, యూరప్ దేశాలు 2003లో లేయర్ దాణాలో దాని హద్దును కిలోకు 80 మిల్లీగ్రాముల నుంచి 8కి దించాయి.

రంగుకే ధర కట్టే సంత ఎక్కడికి దారితీస్తుందో చైనాలో చూశాం. హెబేయ్ రాష్ట్రంలోని బైయాంగ్‌దియన్ సరస్సులో చేపపిల్లలు, రొయ్యలు తిన్న బాతులు ఎర్ర సొన గుడ్లు పెడతాయని పేరు. ఎర్ర సొనకు ఎక్కువ ధర పలికింది. దాంతో షెడ్లలో పెంచే బాతుల దాణాలో "ఎర్ర మందు" కలపడం మొదలైంది. ఆ మందు సూడాన్ ఎరుపు. మైనం, బూట్ల పాలిష్ వంటి వాటికి వాడే రంగు అది, తిండిలో నిషిద్ధం. 2006 నవంబరులో టెలివిజన్‌లో విషయం బయటపడింది. బీజింగ్ అంగళ్ల నుంచి ఆ గుడ్లను తీసేయించారు. రంగు కావాలన్నది సంత, నింద మోసింది రైతు. మన దగ్గర కూడా పేరు, చీటీ లేని ఎర్ర పొడిని ఎవరైనా "కలిపి చూడు" అని ఇస్తే షెడ్డు గడప దాటనివ్వకండి.

రంగు మనకు ఒక్కచోట పనికొస్తుంది. దాణా మార్చకుండానే మంద మొత్తం సొన పాలిపోతే అది హెచ్చరిక. మొక్కజొన్న నిల్వ పాతబడి రంగు పోయిందా, బూజు పట్టిందా, కోళ్లకు పురుగులు గానీ కాక్సిడియా గానీ తగిలాయా అని వెంటనే చూడాలి. గుడ్డు తాజాదనం మాత్రం పళ్లెంలో తేలుతుంది. తాజా గుడ్డు సొన ఎత్తుగా నిలుస్తుంది, చుట్టూ తెల్లసొన చిక్కగా ఉంటుంది. పాతది పల్చగా పరుచుకుంటుంది. "సొన పాలిపోయింది" అన్నవాడి ముందు ఈ పళ్లెం పెట్టండి.

మా డిమాండ్లు మూడు. గుడ్డుకు బరువు, తాజాదనం చూసి ధర కట్టాలి, సొన రంగు పేరుతో కోత పెట్టకూడదు. దాణాలో రంగు కలిపిన గుడ్ల డబ్బా మీద ఆ సంగతి తెలుగులో అచ్చు వేయాలి. దాణా సంచి మీద ఏ రంగు ఎంత కలిపారో రాయాలి. సొన రంగు సాకుతో ధర కోసిన ప్రతిచోటా తేదీ, ఎన్ని ట్రేలు, ఎంత కోత అన్నది రాసి మండల కమిటీకి ఇవ్వండి. ఆ కాగితాలన్నీ కలిపి జిల్లా అధికారుల ముందు పెడదాం.